డిడక్టిబుల్ కట్టేశాం, మళ్లీ ఈ బిల్లేమిటి? అమెరికా ఆసుపత్రి బిల్లులపై అపోహలు, వాస్తవాలు

టెక్సాస్‌లో ఒక ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో నా ఉద్యోగం. ఊళ్లో తెలుగువాళ్లకు ఆ సంగతి తెలుసు కాబట్టి సాయంత్రాలు ఫోన్లు వస్తుంటాయి. చికిత్స అయిపోయి, కోలుకుని, మళ్లీ పనిలో పడిన నెలకో రెండు నెలలకో చేస్తారు. అడిగేది ఒకటే. "అక్కా, డిడక్టిబుల్ మొత్తం కట్టేశాం కదా, మళ్లీ ఈ బిల్లేమిటి? ఏమైనా మోసమా?" చాలాసార్లు మోసం ఉండదు, లెక్క సరిగ్గానే ఉంటుంది. అయితే ఆ లెక్కను వాళ్లకు ముందుగా ఎవరూ చెప్పి ఉండరు. డిడక్టిబుల్ అంటే ఏడాదిలో ఇన్సూరెన్స్ కంపెనీ తన వాటా ఇవ్వడం మొదలుపెట్టేముందు మనమే పూర్తిగా కట్టుకోవలసిన మొత్తం. కొత్త ఉద్యోగంలో చేరిన హడావిడిలో ప్లాన్ ఎంచుకోమంటారు. ప్రీమియం ఎంత, డిడక్టిబుల్ ఎంత అని రెండు అంకెలు చూసి సంతకం చేసేస్తారు. అసలు ఖర్చు మూడో అంకెలో ఉంటుంది.

అపోహ: డిడక్టిబుల్ కట్టేస్తే ఆ ఏడాదికి మన బాధ్యత తీరిపోయినట్టే.

తీరదు. డిడక్టిబుల్ పూర్తయ్యాక ఇన్సూరెన్స్ కంపెనీ తన వాటా ఇవ్వడం మొదలుపెడుతుంది. మన వాటా మాత్రం ఆగిపోదు, శాతంగా మారుతుంది. ఆ శాతమే కోఇన్సూరెన్స్. ప్లాన్ కాగితంలో 20 శాతం అని ఉంటే, డిడక్టిబుల్ తర్వాత వచ్చే ప్రతి బిల్లులో అయిదో వంతు మనదే. ఇది అవుట్ ఆఫ్ పాకెట్ మాక్సిమమ్ అనే పరిమితి చేరేదాకా నడుస్తూనే ఉంటుంది. "ఇక ఈ ఏడాది నేను కట్టేది లేదు" అనగలిగేది ఆ పరిమితి దాటాకే, అది కూడా నెట్‌వర్క్‌లో, అంటే మన ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రిలో, ప్లాన్‌లో ఉన్న చికిత్సలకే.

కోపే దారి వేరు. కార్డు మీద అచ్చువేసి ఉండే 30 డాలర్లు, 50 డాలర్లు అదే. డాక్టర్‌ను చూసినప్పుడు, మందులు కొన్నప్పుడు, ఎమర్జెన్సీకి వెళ్లినప్పుడు ఒక్కో సందర్శనకు కట్టే స్థిరమైన మొత్తం. కార్డు మీద కళ్లకు కనిపించేది అదొక్కటే కావడంతో, ఆపరేషన్‌కు కూడా అంతే అవుతుందని నమ్మి వచ్చేవాళ్లను నేను ఎప్పుడూ చూస్తుంటాను. ఆసుపత్రిలో చేరితే ఎక్కువ ప్లాన్లలో లెక్క నడిపేది డిడక్టిబుల్, కోఇన్సూరెన్స్‌లే.

అంకెలతో చూద్దాం. అపెండిక్స్ ఆపరేషన్ అనుకోండి. ప్లాన్‌లో డిడక్టిబుల్ 2,000 డాలర్లు, కోఇన్సూరెన్స్ 20 శాతం, అవుట్ ఆఫ్ పాకెట్ మాక్సిమమ్ 6,000. ఎమర్జెన్సీ కోపే 300 ఉంది, కాని అక్కడి నుంచే ఆసుపత్రిలో చేర్చుకుంటే దాన్ని రద్దు చేసే ప్లాన్ ఇది. ఆసుపత్రి వేసిన బిల్లు 46,000. ఈ అంకె చూడగానే గుండె ఆగినంత పనవుతుంది. పక్కన పెట్టండి, లెక్క దీని మీద జరగదు. నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రికీ ఇన్సూరెన్స్ కంపెనీకీ మధ్య కుదిరిన ఒప్పందపు ధర ఒకటి ఉంటుంది. ఇక్కడ అది 18,000 అనుకుందాం. మిగతా 28,000 మాఫీ. దాన్ని మన దగ్గర అడిగే హక్కు నెట్‌వర్క్ ఆసుపత్రికి లేదు.

ఈ 18,000లో మొదటి 2,000 డిడక్టిబుల్, మొత్తం మనదే. మిగిలిన 16,000లో 20 శాతం, అంటే 3,200. ఆసుపత్రి ఒక్కదానికే 5,200 అయింది. ఇక సర్జన్ బిల్లు విడిగా వస్తుంది, ఒప్పందపు ధర 1,800. మత్తుమందు డాక్టర్‌ది మరొకటి, 1,000. ఈ రెండింటిలో మన వాటా 560. మొత్తం 5,760. డిడక్టిబుల్ 2,000 అని మాత్రమే గుర్తుపెట్టుకున్న మనిషికి మిగతా 3,760 డాలర్లు ఆకాశం నుంచి ఊడిపడినట్టు అనిపిస్తాయి.

కొన్నాళ్లకు డాక్టర్ ఒక స్కాన్ రాశారు, ధర 3,000. అందులో 20 శాతం 600 కావాలి. కాని 6,000 పరిమితికి మిగిలింది 240 మాత్రమే కాబట్టి 240 కడితే చాలు. ఆ పైన డిసెంబర్ 31 దాకా నెట్‌వర్క్ చికిత్సలన్నింటికీ కంపెనీయే కడుతుంది. అదే స్కాన్‌ను "పండగలయ్యాక చేయించుకుందాంలే" అని జనవరికి వాయిదా వేస్తే? లెక్కలన్నీ సున్నా నుంచి మొదలు. కొత్త డిడక్టిబుల్ 2,000, మిగిలిన 1,000లో 20 శాతం 200, వెరసి 2,200. ఒకే యంత్రం, ఒకే పరీక్ష, 1,960 డాలర్ల తేడా. వైద్యపరంగా తొందరేమీ లేదని డాక్టర్ చెప్పినా, పరిమితికి దగ్గరపడిన ఏడాదిలో మిగిలిన పరీక్షలు ఆ ఏడాదిలోనే చేయించుకోండి. కొన్ని కంపెనీల ప్లాన్ సంవత్సరం జనవరిలో కాక జూలైలోనో మరెప్పుడో మొదలవుతుంది. మీది ఎప్పుడో ముందు తెలుసుకోండి.

ఇదే గొలుసులో జనం ఎక్కువగా తికమకపడేది ఇంకొకటి ఉంది. ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రి వాళ్లు "మీ డిడక్టిబుల్ 2,000 కట్టండి" అంటారు. కడతారు. కాని డిడక్టిబుల్ ఎవరి ఖాతాలో పడుతుందో నిర్ణయించేది ఎవరికి ముందు కట్టారన్నది కాదు, ఎవరి క్లెయిమ్‌ను కంపెనీ ముందు పరిష్కరించిందన్నది. చిన్న ఆఫీసు కాబట్టి సర్జన్ క్లెయిమ్ తరచు ముందే వెళ్లిపోతుంది. పై ఉదాహరణలో అలా జరిగితే డిడక్టిబుల్‌లో 1,800 సర్జన్ బిల్లుకే పడుతుంది, ఆసుపత్రికి మిగిలేది 200, ఆ 200 పోగా మిగిలిన బిల్లు మీద కోఇన్సూరెన్స్. మొత్తం మారదు, కాని ఎవరికెంత అన్నది మారిపోతుంది.

ఆ మధ్య ఒక అబ్బాయి భార్యకు చిన్న ఆపరేషన్ అయ్యాక మూడు బిల్లులు పట్టుకుని మా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. ఆసుపత్రికి ముందే డిడక్టిబుల్ కట్టాడు, సర్జన్ ఆఫీసు మళ్లీ డిడక్టిబుల్ అడిగితే భయపడి అదీ కట్టేశాడు. రెండుసార్లు కట్టానన్న సంగతి అతనికి తెలియదు. భార్య ముందు ధైర్యంగా ఉండాలని రాత్రిళ్లు ఒక్కడే కూర్చుని కాగితాలు తిరగేసేవాడట. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన ఈఓబీలను, అంటే ఏ క్లెయిమ్‌లో ఎవరి వాటా ఎంతో చూపే కాగితాలను, బల్ల మీద పక్కపక్కన పరిచాం. ప్రతిదాని మీదా "ఇది బిల్లు కాదు" అని ఉంటుంది కాబట్టి జనం చదవకుండా పారేస్తారు. నిజానికి ఇంట్లో దాచుకోవలసిన కాగితం అదే. అందులో ఒప్పందపు ధర, డిడక్టిబుల్‌కు పోయింది, కోఇన్సూరెన్స్‌కు పోయింది, చివర "పేషెంట్ రెస్పాన్సిబిలిటీ" అన్నీ వేర్వేరు గడుల్లో ఉంటాయి. ఆసుపత్రి ఈఓబీలో డిడక్టిబుల్ గడి దాదాపు ఖాళీ. అప్పుడు అతనికి అర్థమైంది, ఎక్కువ కట్టింది మాకని. ఆ డబ్బు వెనక్కి వెళ్లింది. అందుకే ఈఓబీ రాకుండా, దాని చివరి అంకెకూ బిల్లు మీది అంకెకూ సరిపోకుండా పెద్ద మొత్తం ఏదీ కట్టకండి. ముందే కట్టవలసి వస్తే రసీదు దాచండి.

అపోహ: డిడక్టిబుల్ పూర్తయ్యేదాకా ఇన్సూరెన్స్ కార్డు చూపించడం దండగ.

వాట్సాప్‌లో తిరిగే ఈ సలహా రాసినవాళ్లను చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. కార్డు చూపించకపోతే రెండు నష్టాలు. ఒప్పందపు ధర వర్తించదు, కట్టింది డిడక్టిబుల్‌లో జమ కాదు. ఏదో ఒక రక్తపరీక్ష నగదుకు చవకగా దొరకవచ్చు, అది వేరు. ఆసుపత్రిలో చేరేటప్పుడు ఆ పని చేయకండి.

అపోహ: డిడక్టిబుల్ పూర్తి కానిదే కంపెనీ పైసా ఇవ్వదు.

నెట్‌వర్క్‌లో చేయించుకునే నివారణ పరీక్షలకు, టీకాలకు చాలా ప్లాన్లలో డిడక్టిబుల్ లేదు, కోపే కూడా లేదు. అయితే ఏడాదికోసారి చేసే పరీక్షకు వెళ్లి పాత మోకాలి నొప్పి గురించి కూడా చూపించుకుంటే, ఆ భాగానికి విడిగా బిల్లు రావచ్చు.

అపోహ: కట్టిన ప్రతి డాలరూ డిడక్టిబుల్‌లో జమ అవుతుంది.

ప్రీమియం ఎందులోనూ జమ కాదు. కోపే ఎక్కువ ప్లాన్లలో డిడక్టిబుల్‌లో పడదు, అవుట్ ఆఫ్ పాకెట్ మాక్సిమమ్‌లో పడుతుంది. ఆ పరిమితికి చట్టం గీసిన గీత 2025లో ఒక మనిషికి 9,200 డాలర్లు, కుటుంబానికి 18,400గా ఉండేది. మీ ప్లాన్‌లో ఆ ఏటి గీత కన్నా తక్కువ ఉండవచ్చు, ఎక్కువ ఉండకూడదు. అమ్మానాన్నలకు కొనే విజిటర్ ఇన్సూరెన్స్‌కు మాత్రం ఈ గీత వర్తించదు.

అపోహ: ఇండియాలో అమ్మానాన్నల పాలసీలో కో-పే ఉందంటే, ఏ అయిదు వందలో కట్టాలి.

ఇది ఇక్కడ ఉండి అక్కడి పాలసీలు కొనే పిల్లలు పడే గొయ్యి. ఇండియా పాలసీల్లో కో-పేమెంట్ అంటే శాతం, అమెరికాలోని కోఇన్సూరెన్స్ లాంటిదే. పెద్దవాళ్ల పాలసీలో 20 శాతం ఉండి, హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్‌కు కంపెనీ 4 లక్షల క్లెయిమ్ ఒప్పుకుంటే, 80,000 మీరే కట్టాలి. క్లెయిమ్‌కు ఒప్పుకోని గ్లవ్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లాంటివి దీనికి అదనం. మళ్లీ ఆర్నెల్లకు చేరితే మళ్లీ 20 శాతం. అమెరికా ప్లాన్‌లో ఉన్నట్టు ఏడాదికి ఇంతే అనే పరిమితి దానికి సాధారణంగా ఉండదు. డిడక్టిబుల్ అక్కడ ఎక్కువగా కనిపించేది సూపర్ టాప్-అప్ పాలసీల్లో. డిడక్టిబుల్ 5 లక్షలు, బిల్లు 8 లక్షలైతే ఆ పాలసీ ఇచ్చేది 3 లక్షలు. మొదటి 5 లక్షలను వేరే పాలసీ నుంచి ఇచ్చుకోవచ్చు. కాని ఆ వేరే పాలసీలోనే 20 శాతం కో-పే ఉంటే, అందులో లక్ష మళ్లీ మీ జేబులోంచే పోతుంది. అమ్మానాన్నల పాలసీ కాగితం ఫొటో తీసి పంపమని అడిగి, కో-పేమెంట్ అన్న చోట శాతం ఎంత ఉందో ఈ వారంలోనే చూడండి.