పిచ్చి మెసేజ్, వెంటనే అసలు ప్రశ్న: చాట్‌బాట్ పనిలో అపోహలు - వాస్తవాలు

చాట్‌బాట్‌లో యూజర్ రాసిన మెసేజ్‌లను ఏ రూపంలో మోడల్‌కి పంపాలో చూసుకోవడం నా పని. ఒక పిచ్చి మెసేజ్, దాని వెనకే అసలు ప్రశ్న రావడం మేము రోజూ చూస్తాం.

అపోహ: అర్థం కాని మెసేజ్‌ని తీసేస్తే సరిపోతుంది.

వాస్తవం: నేనూ మొదట్లో అలాగే తీసేసేదాన్ని. ఒకసారి వెబ్ చాట్‌లో ఒకావిడ నుంచి ఈ రెండు మెసేజ్‌లు వచ్చాయి:

```
yfndng
రెండుసార్లు కట్టాను, ఒకటి వెనక్కి వస్తుందా?
```

మా ఫిల్టర్ మొదటిదాన్ని చెత్త అనుకుని పడేసింది. దాంతో ఏది రెండుసార్లు కట్టారో బాట్‌కి తెలియలేదు. ఆవిడ మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. నిజానికి ఆవిడ వాడింది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, తెలుగుకి మార్చడం మరిచిపోయారు. ఆ లేఅవుట్‌లో y అంటే బ, f గుడి, n ల, d పొల్లు, g కొమ్ము. కలిపి చదివితే "బిల్లు". అసలు విషయమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

అందుకే ఇప్పుడు దేన్నీ చెరపం. వచ్చింది వచ్చినట్టు లాగ్‌లో ఉంటుంది. మోడల్‌కి పంపే ప్రతిని మాత్రం విడిగా తయారు చేస్తాం. ముందు ఇన్‌స్క్రిప్ట్ పట్టికతో మార్చి చూస్తాం. తెలుగు మాట వస్తే రెండు రూపాలూ పంపుతాం, ఎందుకంటే మన ఊహ తప్పు కావచ్చు. ఉత్త అంకెలు వస్తే అసలు ముట్టుకోం, అది సర్వీస్ నంబర్ అయ్యుండొచ్చు.

అపోహ: అన్నీ ఒకే వాక్యంగా అతికిస్తే చాలు.

వాస్తవం: అతికిస్తే ఏది ప్రశ్నో, ఏది పొరపాటో తేలదు. ఒకే యూజర్ వంతులో వరుసలుగా ఉంచి, అనుమానం ఉన్నదానికి గుర్తు పెట్టాలి:

```
{"role": "user", "content": "[అస్పష్టం: yfndng; బిల్లు కావచ్చు]\nరెండుసార్లు కట్టాను, ఒకటి వెనక్కి వస్తుందా?"}
```

మధ్యలో బాట్ అప్పటికే "అర్థం కాలేదు" అని జవాబిచ్చి ఉంటే, ఆ వంతును మోడల్‌కి పంపే ప్రతిలోంచి తీసేస్తాం. ఉంచితే తర్వాతి జవాబు కూడా క్షమాపణతో మొదలవుతుంది. అయితే యూజర్ ఆ జవాబుకే బదులుగా "అదే, ఇందాక చెప్పింది" అని రాస్తే మాత్రం తీయకూడదు. తీస్తే ఆ "అదే"కి ఆధారం పోతుంది.

అపోహ: ఎంత త్వరగా జవాబిస్తే అంత మంచిది.

వాస్తవం: మేము 4 సెకన్లు ఆగుతాం. కొత్త మెసేజ్ వస్తే లెక్క మళ్లీ మొదలవుతుంది, మొత్తం మీద 12 సెకన్లు దాటనివ్వం. జవాబు తయారవుతుండగా అసలు ప్రశ్న వస్తే, సగంలో ఉన్న జవాబును ఆపేసి రెండు మెసేజ్‌లనూ కలిపి మళ్లీ పంపుతాం. ఆపడం మరిచిపోతే యూజర్‌కి రెండు జవాబులు వెళ్తాయి. లాగ్‌లో ఒకే యూజర్ వంతుకి రెండు బాట్ వంతులు కనిపిస్తే నేను మొదట వెతికేది ఈ తప్పునే.