గుణకారం వర్క్‌షీట్: "అంకెలు పెద్దవైతే లెక్క కష్టం" అనేదాంతో సహా కొన్ని అపోహలు

నేను మూడు, నాలుగు తరగతుల పిల్లలకి లెక్కలు చెప్తాను, వర్క్‌షీట్లు కూడా చేత్తో నేనే రాసుకుంటా, జిరాక్స్ షాపులో కుర్రాడికి నా చేతిరాత బాగా అలవాటైపోయింది. మొదట్లో చేసిన షీట్లు ఇప్పుడు తీసి చూస్తే నవ్వొస్తుంది. కింద రాసిన అపోహలన్నీ ఒకప్పుడు నావే.

అపోహ: ఎక్కం ఏ వరుసలో ఉందో లెక్కలూ అదే వరుసలో ఇస్తే పిల్లలకి సులువుగా అలవాటవుతుంది.

నేనూ అలాగే 9×1 నుంచి 9×10 దాకా నిలువుగా రాసి ఇచ్చా. ఒకమ్మాయి ఏం చేసిందంటే పైనుంచి కిందకి 0, 1, 2 అని 9 దాకా రాసుకుంటూ పోయింది, మళ్లీ కింద నుంచి పైకి వాటి పక్కనే 0, 1, 2 అని రాసుకుంటూ వచ్చింది. 09, 18, 27... 90. పదికి పది కరెక్టే, కానీ ఒక్క గుణకారం కూడా చెయ్యలేదు! తర్వాత విడిగా 9×7 ఎంతమ్మా అంటే వేళ్లు లెక్కపెట్టుకుంటోంది. 7వ ఎక్కమైతే ఏడేడు కలుపుకుంటూ దిగిపోతారు, అది కూడికల షీట్ అయిపోతుంది.

అందుకని వరుస కలిపెయ్యాలి, కానీ ఇష్టమొచ్చినట్టు కాదు. 1×1 నుంచి 10×10 దాకా వంద ఉన్నట్టు కనిపిస్తాయి గానీ 7×8, 8×7 ఒకటే కాబట్టి నిజానికి 55. అందులో 1, 2, 5, 10 ఎక్కాలవి తీసేస్తే మిగిలేవి 21 మాత్రమే. అసలు కష్టమంతా ఆ 21 లోనే ఉంది. ఒక్కో షీట్‌కి కొత్తవి మూడు చొప్పున వేస్తే ఏడు షీట్లు. మిగతావన్నీ వచ్చినవే పెడతా, ఆ మూడూ మధ్యలో రెండు మూడు సార్లు ఎదురవుతాయి, ఒకసారి 7×8 గా, ఇంకాస్త కిందకి 8×7 గా. రెండూ పక్కపక్కనే పెడితే పైది చూసి కిందది రాసేస్తారు.

అపోహ: ఎక్కాలన్నీ నోటికొచ్చాకే రెండంకెల లెక్కలు, ఎందుకంటే అవి పెద్దవి, కష్టం.

32×3 కష్టమా, 7×8 కష్టమా? పిల్లల్ని అడిగి చూడండి. 32×3 లో కావాల్సింది రెండు మూళ్లు ఆరు, మూడు మూళ్లు తొమ్మిది, అంతే, 96. "సెవెన్ ఎయిట్ జా..." అని ఆగిపోయే పిల్లాడు కూడా ఇది టకటకా చేసేస్తాడు.

లెక్కలో కష్టాలు రెండు రకాలు, ఎక్కం కష్టం ఒకటి, చేసే పద్ధతి కష్టం ఇంకొకటి. రెండూ ఒకేసారి పెంచితే పిల్లాడు ఎక్కడ తప్పాడో మనకీ తెలీదు, వాడికీ తెలీదు. కొత్త పద్ధతి మొదలుపెట్టిన రోజు పాత తేలికైన ఎక్కాలే వాడాలి, పద్ధతి కుదిరాక అప్పుడు కష్టమైన ఎక్కాలు దించాలి.

నా షీట్లో రెండంకెల్ని ఒక అంకెతో గుణించే భాగం ఇలా నడుస్తుంది. ముందు 30×4, 20×6 లాంటివి. తర్వాత చేతిలో ఏమీ మిగలనివి, 32×3, 21×4. తర్వాత చేతిలో మిగిలేవి, కానీ ఎక్కం తేలికైనవి, 16×4, 25×3. అవి కుదిరాకే 47×6. ఆ తర్వాత 38×6, ఇది 47×6 లాంటిదే కదా అనుకుంటాం గానీ కాదు. 47×6 లో 24 కి చేతిలో 4 కలిపితే 28, ఇంకా ఇరవైల్లోనే ఉంది. 38×6 లో 18 కి 4 కలిపితే 22, పదుల గీత దాటింది, మనసులో చెయ్యాల్సిన కూడిక ఇంకో మెట్టు పెరిగింది. జవాబు 228 కి బదులు 218 రాశారంటే అక్కడ జారినట్టే.

ఎక్కం తేలిగ్గా ఉంచితే ఇంకో లాభం, తప్పు జవాబు కూడా మాట్లాడుతుంది. ఒకడు 27×3 కి 121 రాశాడు. మూడో ఎక్కం వాడికి బాగా వచ్చు, మరి 121 ఎక్కడిది? ఏడు మూళ్లు 21, 1 వేసి చేతిలో 2 పెట్టుకున్నాడు, ఆ 2 ని ముందే పక్కనున్న 2 కి కలిపేసి 4 చేసి, నాలుగు మూళ్లు 12 అని రాసేశాడు. గుణించాక కలపాలి, వీడు కలిపాక గుణించాడు. ఇదే 78×6 లో అయితే ఎక్కం తప్పాడేమో అనుకుని ఎక్కాలు పది సార్లు రాయించేదాన్ని పాపం.

అపోహ: రెండంకెల్ని రెండంకెలతో గుణించేటప్పుడు రెండో లైన్లో ఒక ఇంటూ గుర్తు పెట్టమంటే చాలు.

మనందరం అలాగే నేర్చుకున్నాం. కానీ ఆ ఇంటూ ఎందుకో పిల్లాడికి తెలీదు కాబట్టి మర్చిపోవడం కూడా తేలికే. 23×12 లో మర్చిపోతే పైన 46, కింద 23, మొత్తం 69. ఇంకొందరు మూడు రెళ్లు 6, రెండొకట్లు 2 అని 26 రాస్తారు. సరైన జవాబు 276. మూడు జవాబులూ మూడు రకాలుగా ఉన్నాయి కాబట్టి పేపర్ చూడగానే ఎవరికి ఏం చెప్పాలో తెలిసిపోతుంది, అందుకే నా షీట్లో ఈ భాగం ఎప్పుడూ 23×12 తోనే మొదలు.

కానీ దానికి ముందు ఒక మెట్టు ఉంది, చాలా షీట్లలో అది ఉండదు. 23×10, 23×20, 41×30 లాంటివి ఒక అర పేజీ. తర్వాత 23×12 ని మూడు ముక్కలుగా ఇస్తా: 23×2 = __, 23×10 = __, రెండూ కలిపితే __. వాడే 46, 230 రాస్తాడు, 276 వస్తుంది. అప్పుడు నిలువు లెక్కలో రెండో లైన్ అంటే ఆ 230 యే అని చూపిస్తే సున్నా దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. మొదటి నాలుగు లెక్కల్లో ఆ సున్నా నేనే రాసి ఇస్తా, తర్వాత ఖాళీ గడి, తర్వాత గడి కూడా తీసేస్తా. 21×13 లాంటివి అయ్యాక 34×26, చివరికి 47×36. ఈ ఆఖరిదాంట్లో రెండు లైన్లలోనూ చేతిలో మిగులుతుంది, ఒకసారి 4, ఒకసారి 2, మొదటి లైన్ 4 ని కొట్టెయ్యకపోతే రెండో లైన్లో అదే కలిపేస్తారు. అందుకే గళ్ల కాగితం మీద పైన రెండు వరుసల ఖాళీ వదులుతా.

అపోహ: కంప్యూటర్లో నంబర్లు వేయించేస్తే షీట్ రెడీ.

ఎక్సెల్‌లో ఒక గడిలో `=RANDBETWEEN(11,99)`, పక్క గడిలో `=RANDBETWEEN(2,9)` కొట్టి కిందకి లాగితే నిమిషంలో వస్తాయి, నిజమే. మొదటి లెక్కే 97×8 రావచ్చు. ఒకట్ల అంకె 0 నుంచి 9, గుణించే అంకె 2 నుంచి 9 అనుకుంటే 80 జతలు, అందులో చేతిలో ఏమీ మిగలనివి 22 మాత్రమే. అంటే ఊరికే వదిలేస్తే నాలుగింట దాదాపు మూడు చేతిలో మిగిలే లెక్కలే వస్తాయి, తేలిక మెట్టు అన్నదే ఉండదు. ఆఖర్లో కలగలుపు రివిజన్‌కి అయితే ఓకే. ఇంకోటి, 22×11, 33×22 లాంటివి చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ, ఒక్కో సంఖ్యలో రెండంకెలూ ఒకటే కాబట్టి పిల్లాడు దేన్ని దేంతో గుణించాడో మనకి కనిపించదు.

షీట్ అడుగున మాత్రం 12×23 పెడతా, 23×12 కి ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా. మొన్న ఒకడు పైన 276 కరెక్ట్‌గా రాశాడు, కింద సున్నా మర్చిపోయి 36 కి 24 కలిపి 60 వేశాడు. పేపర్ ఇచ్చేసి వెళ్తూ వెళ్తూ ఆగి, "టీచర్ ఒక్క నిమిషం, ఇవి రెండూ ఒకటే రావాలి కదా" అని లాక్కుని రబ్బర్ తీశాడు.