వారం సెలవు మాకు, 20వ తేదీకి కాదు: వాయిదా మెసేజ్ మీద అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో జీఎస్టీ రిటర్నులు వేసుకుని బతికేవాణ్ణి. ఇంట్లో ఎవరైనా పోతే క్లయింట్లకు ఏమని మెసేజ్ పెట్టాలని మా వృత్తిలోని కుర్రవాళ్ళు అడుగుతుంటారు. మొన్న ఒకతను అడిగితే మా అమ్మ పోయినప్పుడు నేను చేసిన తప్పులు చెప్పాను. అవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అపాయింట్‌మెంట్ వాయిదా పడిందంటే రిటర్ను గడువు కూడా పెరిగినట్టే.

ఎక్కువ మంది చేతి డబ్బు పోగొట్టుకునేది దీనివల్లే. అమ్మ 13వ తేదీ మధ్యాహ్నం పోయింది. మర్నాడు పొద్దున వరండాలో కూర్చుని నేనే ఫోన్‌లో టైప్ చేశాను. ఆమెకు ఎన్నాళ్ళ నుంచి బాగాలేదు, ఏ మందులు వాడాం, ఆఖరి రాత్రి ఎట్టా గడిచింది అని పద్నాలుగు లైన్లు రాసి, చివర్లో "వారం పాటు అపాయింట్‌మెంట్లన్నీ వాయిదా" అన్నాను. తేదీ లేదు, నెల నెలా పన్ను కట్టి వేయాల్సిన 3బి రిటర్ను మాట లేదు.

చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉన్న ఒకాయన ఆ మెసేజ్ చదివి, దణ్ణం పెట్టిన బొమ్మ పంపి ఊరుకున్నాడు. ఆయన నెల నెలా 3బి వేయాలి, గడువు 20. కట్టాల్సిన క్యాష్ 1,46,000 రూపాయలు బ్యాంకులో సిద్ధంగానే ఉంది. 20 దాటాక కూడా ఫోన్ చేయలేదు. 27న ఆఫీసుకు వచ్చి అన్నాడు: "అన్నా, మీ ఇంట్లో అట్టా ఉంటే నేను లెక్కలెట్టా అడిగేది? అయినా మీకు ఇట్టయింది కదా, వాళ్ళు ఒక వారం ఇవ్వరా?"

ఇవ్వరు. జీఎస్టీ పోర్టల్‌కు నా మైల తెలియదు. ఏడు రోజుల ఆలస్యానికి రోజుకు 50 చొప్పున లేట్ ఫీజు 350. ఏడాదికి 18 శాతం లెక్కన 1,46,000 మీద వడ్డీ రోజుకు 72, ఏడు రోజులకు 504. మొత్తం 854 రూపాయలు. పెద్ద మొత్తం కాదు గానీ, డబ్బు చేతిలో పెట్టుకుని కట్టిన దండగ. అది నా ఫీజులో తగ్గించాను, ఎందుకంటే తప్పు నాది. చావింటికి ఫోన్ చేసి డబ్బు మాట ఎత్తకూడదనుకోవడం ఆయన మర్యాద. ఆ సంకోచం తీర్చాల్సింది నా మెసేజే.

ఇంకో సంగతి. ఆ 20 లోపల చలానా కట్టి డబ్బు పోర్టల్‌లో తన ఖాతా అయిన క్యాష్ లెడ్జర్‌లో వేసి ఉంటే, రిటర్ను 27నే వేసినా ఆ మొత్తం మీద వడ్డీ పడేది కాదు. 2024 జూలై నుంచి రూలు అట్టా మారింది. లేట్ ఫీజు మాత్రం తప్పదు. చలానా కట్టడానికి నేను అక్కర్లేదు, ఆయన ఇంట్లో కూర్చుని కట్టుకోవచ్చు.

గడువు 20 అనే మాట మెసేజ్‌లో ఉన్నా రిటర్ను వేయడానికి అదొక్కటే సరిపోయేది కాదు. ఆయనది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఓటీపీతో పని జరగదు, డిజిటల్ సంతకం టోకెన్ కంప్యూటర్‌కు గుచ్చాలి. ఆ టోకెన్ మా ఆఫీసు బీరువా సొరుగులో, మిగతా కంపెనీల టోకెన్ల పక్కన పేరు చీటీ కట్టి ఉంది. తాళంచెవి నా కీచైన్‌కు ఉంది, కీచైన్ ఇంట్లో మేకుకు వేలాడుతోంది. మా ఆఫీసు అమ్మాయికి రిటర్ను వేయడం బాగా వచ్చు. తాళం లేక చేతులు కట్టుకు కూర్చుంది. అందుకే మెసేజ్ పెట్టేముందు తాళంచెవి పంపించండి.

వాస్తవం: తేదీలన్నీ ఒక రకం కావు.

నన్ను కలవడానికి ఇచ్చిన టైము నా చేతిలో ఉంది, మార్చేస్తాను. నోటీసు మీద పర్సనల్ హియరింగ్ ఆఫీసరు చేతిలో ఉంటుంది. తగిన కారణం చూపి అడిగితే వాయిదా ఇస్తారు, చట్టం ప్రకారం మూడు సార్లకు మించకుండా. కానీ అడగాలి. ఒక టైర్ల షాపు ఆయనకు 17న హియరింగ్ ఉంది. "మీరు వాయిదా అన్నారుగా" అని ఆయన నిశ్చింతగా ఉన్నాడు. నేను వాట్సాప్‌లో రాసింది ఆఫీసరు చదువుతాడా? ఆ ఒక్కటీ నాకు గుర్తుండబట్టి, 15న మా ఆఫీసు అమ్మాయి చేత పోర్టల్‌లో వాయిదా అడుగుతూ ఒక పేజీ పెట్టించాను. వేరే తేదీ ఇచ్చారు. ఇక రిటర్ను గడువు, అది ఎవరి చేతిలోనూ లేదు.

అపోహ: అందరినీ సరిగ్గా ఏడు రోజులు ముందుకు జరిపితే సరి.

నేనూ అట్టే అనుకున్నాను. 15న ఉన్నవాళ్ళకు 22, 16న ఉన్నవాళ్ళకు 23. మా పురోహితుడు వచ్చి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. 13 మొదటి రోజైతే 23 పదకొండో రోజు, పెద్దకర్మ. ఆ రోజుకు ముగ్గురికి టైమిచ్చి కూర్చున్నాను! వాళ్ళకు మళ్ళీ ఫోన్లు, మళ్ళీ సారీలు. వాళ్ళేమో "అయ్యో, మీరెందుకు సార్ చెప్పడం" అని నాకంటే ఇబ్బంది పడ్డారు. కర్మ తేదీలు ఇంట్లో ఖాయం చేసుకున్నాకే మెసేజ్ రాయాలి. ఒక పూట ఆలస్యమైనా పర్లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కారణం చెప్పడం బాగోదని "అనివార్య కారణాల వల్ల" అని రాస్తారు. బజారులో అది సాయంత్రానికి "జీఎస్టీ వాళ్ళు రెయిడ్ చేశారంట" అవుతుంది. ఎవరు పోయారో ఒక్క ముక్క చెప్పండి, జబ్బు వివరాలు వద్దు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ పెడితే అందరికీ చేరుతుందనేది ఇంకో భ్రమ. మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. కొత్త క్లయింట్లకు విడిగా పంపాలి, పెద్దవాళ్ళకు ఫోన్ చేయించాలి. నెల 3బి ఒక రోజు లేటైతే ఈ-వే బిల్లు ఆగిపోతుందని టెన్షన్ పడేవాళ్ళుంటారు. వరసగా రెండు రిటర్నులు వేయకపోతేనే ఆ ఇబ్బంది. ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, ఆ వారంలో ఇద్దరు లారీ ఎక్కించిన సరుకు దించుకోబోయారు.

ఆ రోజు నేను పంపాల్సిన మెసేజ్ ఇది:

"నమస్కారం. మా అమ్మగారు 13న కాలం చేశారు. 14 నుంచి 20 వరకు ఉన్న అపాయింట్‌మెంట్లన్నీ వాయిదా వేశాం. మీ కొత్త తేదీ, సమయం ఆఫీసు నుంచి మేమే చెబుతాం, మీరు మళ్ళీ అడగనక్కర్లేదు. 3బి గడువు 20, అది మారదు. ఆ పనికి, నోటీసులకు ఆఫీసు నంబరుకు సంకోచించకుండా ఫోన్ చేయండి. 21న ఆఫీసు తెరుస్తాం, 23న మళ్ళీ సెలవు."

క్షమాపణలు అక్కర్లేదు, దండ వేసిన ఫొటో అక్కర్లేదు. "సంకోచించకుండా" అనే మాట మాత్రం తీసేయకండి. పోయినేడు మా బావగారు పోయినప్పుడు ఇట్టాంటిదే పంపాను. గంటలోపే చీమకుర్తి ఆయన మా ఆఫీసు అమ్మాయికి ఫోన్ చేశాడట: "అమ్మా, తాళంచెవి నీ దగ్గరే ఉందా?"