వీధి దీపం బిల్లు ఎవరిది?

తిరుపతి శివారు లేఅవుట్లలో వీధి దీపాల చందా గొడవ మళ్లీ రాజుకుంది. ఇంటికి ఇంతని వసూలు చేసి దీపాలు నడుపుతున్న సంక్షేమ సంఘాలు బకాయిదారుల పేర్లు నోటీసు బోర్డుకెక్కిస్తామంటున్నాయి. పంచాయతీకి పన్ను కడుతున్నాం కదా, మళ్లీ ఈ చందా ఏమిటని కట్టనివారు అడుగుతున్నారు.

నిజానికి ఇది పెద్ద మొత్తం కాదు. నలభై ఇళ్ల వీధిలో పన్నెండు స్తంభాలు, ఒక్కోదానికి 25 వాట్ల ఎల్‌ఈడీ దీపం ఉన్నాయనుకుందాం. రాత్రికి పదకొండు గంటలు వెలిగితే నెలకు సుమారు 99 యూనిట్లు కాలుతాయి. యూనిట్ రూ. 7 అనుకున్నా బిల్లు రూ. 700 దాటదు, అంటే ఇంటికి రూ. 18 లోపే. మరమ్మతులతో కలిపి రూ. 50 పెట్టుకుంటే నెలకు రూ. 2,000 చేతిలో ఉంటాయి. ఒక ఇల్లు మానేస్తే తగ్గేది యాభై రూపాయలే. ఆ ఇంటి ముందు వెలుతురు రవ్వంత కూడా తగ్గదు, ఆ ఒక్క ఇంటికి తగ్గించే వీలూ లేదు. అందుకే రెండో ఇల్లు, మూడో ఇల్లు మానేస్తాయి. పదిహేను ఇళ్లు మానేసినా కరెంటు బిల్లు వరకు డబ్బు సరిపోతుంది కాబట్టి ప్రమాదం ఎవరికీ కనిపించదు. వానాకాలంలో వోల్టేజీ ఎగిరి రెండు మూడు దీపాల్లో కరెంటును అదుపు చేసే డ్రైవర్ పరికరాలు ఒకేసారి కాలిపోయినప్పుడే సంఘం దగ్గర డబ్బు లేదని తెలుస్తుంది. అప్పుడు స్థోమత ఉన్నవారు తమ ప్రహరీ మీద ఒక బల్బు, అదీ తమ బండి మీద పడేటట్టు పెట్టుకుంటారు. వీధి మలుపు మాత్రం చీకట్లోనే ఉంటుంది.

ఒకరు వాడుకుంటే మరొకరికి తరగని, కట్టనివారిని పక్కన పెట్టలేని ఇలాంటి వస్తువులకు అంగడి ధర ఎందుకు కుదరదో అమెరికా ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ 1954లోనే సూత్రీకరించారు: తనకు దాని అవసరం తక్కువని చెప్పుకోవడమే ప్రతి ఒక్కరికీ లాభం. ఉచితంగా అనుభవించేవారి ఈ సమస్యకు మామూలు విరుగుడు తప్పనిసరి పన్ను. మన చట్టాలకు ఇది కొత్త కాదు. 1965 నాటి మున్సిపాలిటీల చట్టం ఆస్తి పన్నులో లైటింగు పన్నును ఒక భాగంగా పెట్టింది. పంచాయతీ రసీదులోనూ ఇంటి పన్ను, గ్రంథాలయ సెస్సుల పక్కన దానికో గడి ఉంటుంది.

ఆ పన్నుకూ వీధిలో వెలిగే దీపానికీ ఉన్న ముడి తెగింది 2021లో అని చెప్పాలి. ఆ సంవత్సరం పంచాయతీల ఖాతాల్లోని కేంద్ర ఆర్థిక సంఘం నిధులను రాష్ట్ర ప్రభుత్వం విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేసింది. 2018 ఆగస్టులో పాత పాలకవర్గాల గడువు ముగిశాక ప్రత్యేకాధికారులే పంచాయతీలను నడిపారు. 2021 ఎన్నికల్లో గెలిచి బాధ్యతలు తీసుకున్న సర్పంచులకు తొలి ఏడాదే ఖాళీ ఖాతాలు ఎదురయ్యాయి. తాము రాకముందు పేరుకున్న బకాయిలను తమ తీర్మానం లేకుండా ఎలా మినహాయిస్తారని వారు వీధికెక్కారు. వాడిన కరెంటుకు డబ్బు రావాలన్నది విద్యుత్ పంపిణీ సంస్థలైన డిస్కంల మాట. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

అయితే ఆ బిల్లు ఎలా తయారవుతుందో కూడా చూడాలి. వీధి దీపాలకు విడిగా ‘థర్డ్ వైర్’ లాగని చోట దీపాన్ని నేరుగా ఫేజుకు తగిలిస్తారు. ఆర్పడానికి స్విచ్చు ఉండదు. అలాంటి వీధిలో మిట్టమధ్యాహ్నం కూడా దీపాలు వెలుగుతుంటాయి, పదకొండు గంటల వాడకం ఇరవై నాలుగవుతుంది. మీటరు లేకపోతే లెక్క అంచనా మీదే నడుస్తుంది. పన్ను బాగా వసూలు చేసిన పంచాయతీకైనా, చేయని పంచాయతీకైనా కోత పైనుంచే పడినప్పుడు, పన్ను సక్రమంగా కట్టిన గృహస్థుకు దక్కిన ప్రత్యేక ఫలితం ఏమీ లేదు. డిస్కం బకాయికి సరఫరా ఆపినా ఊరంతటికీ ఆపగలదే తప్ప ఎగవేసిన గడపకు కాదు. ‘పన్ను కడుతున్నాం కదా’ అన్న నేటి వాదనకు బలం ఇక్కడి నుంచే వచ్చింది. సంఘాల చందా కూడా ఈ ఖాళీలోంచి పుట్టిందే.

ఈ వివాదంలో ఎవరూ పేరెత్తనిది ఖాళీ ప్లాట్ల యజమానులది. బెంగళూరులోనో చెన్నైలోనో ఉండి ఇక్కడ స్థలం కొన్నవారికి ఇల్లు లేదు కనుక ఇంటి పన్ను పడదు, వీధిలో నివాసం లేదు కనుక సంఘం చందా అడగదు. దీపాలు వెలిగే వీధిలో స్థలం ధర పలికే తీరు మాత్రం వారికి బాగా తెలుసు. చందా ఇంటికి కాక ప్లాటుకు వేస్తే వీరూ లెక్కలోకి వస్తారు. కానీ అలా వేసే అధికారం సంఘానికి లేదు, పంచాయతీ అడగడం లేదు. నోటీసు బోర్డు మీద పేర్లు రాస్తే ఆ జాబితాలో ముందు ఉండవలసినవారు ఆ బోర్డును చూడనైనా చూడరు.