చలికోటు కొనేముందు బొంత సంగతి

మా అక్కా బావా జనవరిలో టొరంటో వెళ్తున్నారు, కూతురి దగ్గరికి, మొదటిసారి. విజయనగరంలో సంక్రాంతి చలికే మంకీ క్యాప్ తీయని మనిషి మా బావ. అక్కడ జనవరి రాత్రులు మామూలుగానే మైనస్ 7, 8 దగ్గర ఉంటాయి, కొన్నాళ్లు మైనస్ 15 కూడా దాటుతుంది అని వినగానే టెన్షన్ పడిపోయి, గంటస్తంభం వైపు వెళ్లి మందపాటి కాటన్ బనియన్లు నాలుగు, ఒంటికి పట్టేసినట్టుండే జాకెట్ ఒకటి కొనుక్కొచ్చేశారు. రెండూ పనికిరావని చెప్పడం నా వంతయింది.

బొంత ఎందుకు వెచ్చగా ఉంటుంది? దూదిలో వేడేమీ లేదు. దూది మధ్య ఇరుక్కున్న గాలి కదలదు, కదలని గాలి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. ఉన్నితోనైనా ఈకలతోనైనా పాలిస్టర్ దూదితోనైనా మనం కొనేది గాలిని పట్టుకునే బుట్ట. అదే బొంత వానలో తడిస్తే? గాలి ఉండాల్సిన చోటులో నీళ్లు చేరతాయి. కదలని గాలితో పోలిస్తే నీళ్లు ఇరవై రెట్లకు పైగా వేడిని లాగేస్తాయి. చలిదేశంలో ఆ నీళ్లు వానవే కానక్కర్లేదు, మన చెమటే చాలు.

బావకి లెక్క వేసి చూపించాను. బరువు సంచులు పట్టుకుని గబగబా నడిచి బస్‌స్టాప్ చేరారు, లోపలి బనియన్ 50 గ్రాముల చెమట పీల్చింది అనుకుందాం. ఒక గ్రాము చెమట ఆరడానికి దాదాపు 2,400 జూళ్ల వేడి కావాలి, అంటే 50 గ్రాములకి 1,20,000 జూళ్లు. ఊరికే నిలబడ్డ మనిషి ఒళ్లు సెకనుకి సుమారు 100 జూళ్ల వేడి పుట్టిస్తుంది. అంటే ఇరవై నిమిషాల ఒంటి వేడికి సమానం, అందులో చాలా భాగం ఒంటి నుంచే పోతుంది. నడుస్తున్నంతసేపు బాగానే ఉండి, ఆగిన ఐదు పది నిమిషాలకి వీపు చల్లబడి వణుకు మొదలైతే దోషం కోటుది కాకపోవచ్చు, చేయి లోపలికి పెట్టి వీపు తడిగా ఉందేమో చూసుకోవాలి.

కాటన్ నీటిని పీల్చుకుని వదలదు. మన ఎండలకి అదే సుఖం, పొందూరు ఖద్దరు కట్టుకున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. చలిలో అదే శత్రువు. అందుకే ఒంటికి తగిలే పొర పల్చటి పాలిస్టర్‌దో మెరినో ఉన్నిదో కావాలి. పాలిస్టర్ నూలు నీటిని తాగదు, చెమటని పై వైపుకి పరుస్తుంది, చవక, కాకపోతే తొందరగా వాసనొస్తుంది. మెరినో కొంత తేమని తన నూలులోనే దాచుకుంటుంది, అయినా కుంగిపోదు, వాసన తక్కువ, ధర మాత్రం ఎక్కువ. నేను తెచ్చిన పాలిస్టర్ థర్మల్స్ చూసి బావ, "ఇదేటిరా, ఇంత పల్చగుంది? దీనికి చలాగుతాదా?" అన్నారు. ఆగదు. చెమటని తప్పించడమే దాని పని, చలి సంగతి పైన వేసుకునే నూగు స్వెట్టర్ లాంటి ఫ్లీస్ చూసుకుంటుంది, ఆ పైన కోటు.

ఆ కోటు బిగుతుగా ఉంటే లోపలి పొరల్ని నొక్కి గాలిని బయటికి తోసేస్తుంది. రాత్రంతా పడుకున్న దిండుని పొద్దున చూడండి, అలా. కాబట్టి పొరలన్నీ వేసుకునే కోటు కొలత చూడాలి: రెండు చేతులూ పైకెత్తి, ముందుకు చాపి కౌగిలించుకున్నట్టు పెట్టినప్పుడు భుజాల దగ్గర పట్టేయకూడదు. పై గుడ్డ గాలి దూరనిది కావాలి, లేకపోతే ఈదురుగాలి లోపలి వెచ్చటి గాలిని ఊడ్చుకుపోతుంది.

ఈకల కోటు మీద 600, 700 అని అంకెలుంటాయి. 600 అంటే ఒక ఔన్సు ఈకలు, అంటే 28 గ్రాములు, విచ్చుకుంటే 600 ఘనపుటంగుళాలు, దాదాపు పది లీటర్ల చోటు ఆక్రమిస్తాయని. అది ఈకల నాణ్యత మాత్రమే. ఎన్ని గ్రాములు కుక్కారో వేరే చూడాలి, 800 అని రాసి గుప్పెడు కూరితే ఏం లాభం? ఈకలు తడిస్తే ముద్దయిపోతాయి. టొరంటో పొడి చలికి ఫర్వాలేదు, కానీ చిత్తడి వానలు పడే లండన్ లాంటి చోటికైతే నేను పాలిస్టర్ దూది కోటే కొనమంటాను, తడిసినా కొంత వెచ్చదనం మిగులుతుంది.

అక్కడ ఇళ్లూ దుకాణాలూ లోపల హీటర్లతో వెచ్చగా ఉంటాయి, ఇన్నీ వేసుకుని అరగంట తిరిగితే మళ్లీ చెమటే. అందుకే ఫ్లీస్‌కి ముందు జిప్ ఉన్నదే తీసుకున్నాం, లోపలికి అడుగుపెట్టగానే తెరిచేయమన్నాను. మేజోళ్ల విషయంలోనూ బిగుతు కోటు సంగతే, రెండు జతలు తొడిగి బూటు ఇరుకైతే పాదం ఇంకా తొందరగా చల్లబడుతుంది.

బావ ఆ బిగుతు జాకెట్ మార్చుకుని ఒక సైజు పెద్దది తెచ్చుకున్నారు. కాటన్ బనియన్లు షాపువాళ్లు తిరిగి తీసుకోలేదు. విమానం ఎక్కేదాకా అవే వేసుకుంటారట.