పీఎఫ్‌లో కంపెనీ వాటా: అపోహలు - వాస్తవాలు

అపోహ: జీతంలో 1,800 కోస్తే కంపెనీ ఇంకో 1,800 కలుపుతుంది, కాబట్టి నెలకు 3,600 చొప్పున పీఎఫ్ పెరుగుతుంది.

వాస్తవం: కంపెనీ 1,800 కట్టే మాట నిజమే, కానీ అదంతా పీఎఫ్‌లో పడదు. జీడిమెట్లలో బేసిక్, డీఏ కలిపి 15,000 తీసుకునే ఉద్యోగినే చూడండి. కంపెనీ కట్టే 12 శాతంలో 8.33 శాతం, అంటే 1,250 రూపాయలు, పింఛను పథకం ఈపీఎస్‌కు వెళ్తాయి. పీఎఫ్‌కు మిగిలేది 550. ఉద్యోగి 1,800తో కలిపితే నెలకు 2,350.

జీతం పెరగలేదని, వడ్డీ ఏటా 8.25 శాతమే ఉందని అనుకుందాం. 30 ఏళ్లకు 2,350 చొప్పున కట్టిన 8.46 లక్షలు దాదాపు 34.7 లక్షలవుతాయి. అదే 3,600 లెక్క వేసుకున్నవారు 53 లక్షలు వస్తాయని ఎదురుచూస్తారు. ఆ 18 లక్షల తేడా రిటైరయ్యే రోజున తెలిస్తే చేయగలిగిందేమీ ఉండదు. వడ్డీ రేటును కూడా ఏటా ప్రకటిస్తారు. 2021-22లో అది 8.10 శాతమే.

అపోహ: అయితే ఆ 1,250 పోయినట్టే.

వాస్తవం: పోలేదు, పింఛనుగా వస్తుంది. చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. 20 ఏళ్లు దాటిన సర్వీసుకు రెండేళ్లు అదనంగా కలుపుతారు. మన ఉద్యోగికి 58 ఏళ్లు నిండాక 15,000 × 32 / 70, అంటే నెలకు సుమారు 6,857 రూపాయలు. పాస్‌బుక్‌లో పింఛను సొమ్ముకు వడ్డీ కనిపించకపోవడానికి కారణం ఇదే.

2014 సెప్టెంబరు 1 తర్వాత తొలిసారి పీఎఫ్‌లో చేరి, అప్పటికే 15,000కు మించి బేసిక్ ఉన్నవారికి ఈ కోత ఉండకూడదు. కంపెనీ వాటా అంతా పీఎఫ్‌కే రావాలి. హైటెక్ సిటీలో చాలామంది పరిస్థితి ఇదే. పాస్‌బుక్‌లో మీ వాటా, కంపెనీ వాటా, పింఛను అని మూడు గడులుంటాయి. మీకు పింఛను గడిలో 1,250 పడుతుంటే హెచ్‌ఆర్‌ను వెంటనే అడగండి.

అపోహ: ఉద్యోగం మారినప్పుడు పాత పీఎఫ్ తీసేసుకున్నా పెద్ద తేడా రాదు, చిన్న మొత్తమేగా.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. పై ఉదాహరణలో పదేళ్లకు పోగయ్యేది 4.29 లక్షలు. దాన్ని కదపకపోతే మిగతా 20 ఏళ్లలో అదొక్కటే 20.9 లక్షలవుతుంది. తీసేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడితే చివరికి చేతికొచ్చేది 13.8 లక్షలే. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి కాబట్టి, అవి నిండకముందే ఈపీఎస్ డబ్బు కూడా తీసుకుంటే ఆ లెక్కా మొదటికొస్తుంది.

తీసేయకుండా బదిలీ చేసుకోవాలి. యూఏఎన్ పోర్టల్‌లో `Online Services` కింద `One Member - One EPF Account` ఎంచుకోవాలి. పాత కంపెనీ మీరు మానేసిన తేదీ నమోదు చేయకపోతే బదిలీ అక్కడే ఆగిపోతుంది. చివరి చందా పడి రెండు నెలలు దాటాక `Manage` కింద `Mark Exit`లో ఆ తేదీని మీరే పెట్టుకోవచ్చు.