టీవీలో సినిమా కొంటే కార్డు ఎక్కడుంటుంది? అపోహలు - వాస్తవాలు

ఆన్‌లైన్ వీడియో సేవల్లో చెల్లింపుల ఫిర్యాదులు పరిష్కరించడం నా పని. ఫోన్లో సినిమా కొనేటప్పుడు సాధారణంగా వేలిముద్రో, ముఖమో, పాస్‌వర్డో అడుగుతుంది. పైగా ఫోన్ ఒక్కరి చేతిలోనే ఉంటుంది. టీవీ అలా కాదు, ఇంటిల్లిపాదిదీ. చాలా సెట్టింగుల్లో రిమోట్ మీద ఓకే రెండుసార్లు నొక్కితే కొనుగోలు అయిపోతుంది. డబ్బు ఎక్కణ్ణుంచి పోయిందో అర్థంకాక టెన్షన్ పడేవాళ్లే మా దగ్గరికి ఎక్కువగా వస్తారు.

అపోహ: కార్డు వివరాలు టీవీలో దాగి ఉంటాయి.

ఉండవు. టీవీలో ఉండేది మీ ఖాతా లాగిన్ మాత్రమే. మొదటిసారి టీవీ తెర మీద ఒక కోడ్ కనిపిస్తుంది, దాన్ని ఫోన్లోనో కంప్యూటర్‌లోనో కొట్టమంటుంది. అలా కొట్టగానే "ఈ టీవీ ఫలానా ఖాతాది" అని సర్వర్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత టీవీలో ఓకే నొక్కితే వెళ్లేది "ఈ ఖాతాకు ఈ సినిమా కావాలి" అన్న కబురు ఒక్కటే. డబ్బు వసూలు చేసే పనంతా సర్వర్ దగ్గరే జరుగుతుంది, అదీ ఖాతాలో డిఫాల్ట్‌గా పెట్టిన కార్డు నుంచి.

సర్వర్ దగ్గర కూడా చాలాచోట్ల అసలు నంబరు ఉండదు, దాని బదులు టోకెన్ అనే మారు నంబరు ఉంటుంది. స్టేషన్‌లో సామాన్ల గది వాళ్లు ఇచ్చే బిళ్ల లాంటిది అది. ఆ కౌంటర్ దగ్గర తప్ప ఇంకెక్కడా చెల్లదు. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్ ఇచ్చిన టోకెన్ ఏ వ్యాపారికి ఇచ్చారో ఆ వ్యాపారికే పనికొస్తుంది కాబట్టి, ఎవరైనా దొంగిలించినా దానితో వేరేచోట కొనలేరు. కార్డు వెనక ఉండే మూడంకెల సీవీవీని చెల్లింపు ఆమోదం అయ్యాక ఏ వ్యాపారీ దాచుకోకూడదు. కార్డు పరిశ్రమ భద్రతా ప్రమాణమైన పీసీఐ డీఎస్ఎస్ దాన్ని నిషేధించింది. "మరి సీవీవీ అడక్కుండానే డబ్బు ఎలా తీసుకుంటున్నారు?" అని చాలామంది అడుగుతారు. కార్డు సేవ్ చేసేటప్పుడే మీరు ఒప్పుకున్నారు. తర్వాతి కొనుగోళ్లు బ్యాంకుకు "ముందే సేవ్ చేసిన కార్డు" అన్న గుర్తుతో వెళ్తాయి. ప్రతిసారీ ఓటీపీ అడగాలా వద్దా అన్నది ఆ దేశం నిబంధనల మీదా, బ్యాంకు మీదా ఆధారపడి ఉంటుంది.

అపోహ: కార్డు బ్లాక్ చేయిస్తే ఇక కొనుగోళ్లు ఆగిపోతాయి.

ఎక్కువమంది దెబ్బతినేది దీనితోనే. ఒకాయన కొత్త టీవీ కొనుక్కుని, పాతది తెలిసినవాళ్లకు ఇచ్చేశారు. లాగౌట్ చేయలేదు. కొన్నాళ్లకు స్టేట్‌మెంట్లో తాను చూడని సినిమా అద్దె కనిపించింది. కార్డు నంబరు ఎవరో కొట్టేశారనుకుని బ్యాంకుకు ఫోన్ చేసి బ్లాక్ చేయించారు. కొత్త కార్డు వచ్చింది. పై నెల ఇంకో అద్దె పడింది, ఈసారి కొత్త కార్డు మీద! ఆయన ఆ నంబరు ఎక్కడా ఇవ్వనే లేదు.

జరిగిందేమిటంటే, కార్డు మారినప్పుడు కొత్త వివరాలను బ్యాంకు, కార్డు నెట్‌వర్క్ కలిసి పాత టోకెన్ వెనక చేర్చేశాయి. వీసా, మాస్టర్‌కార్డ్ రెండింటికీ ఇలాంటి అప్‌డేట్ ఏర్పాట్లున్నాయి. నెలనెలా కట్టే చందాలు ఆగిపోకూడదని పెట్టినవి అవి. అన్ని బ్యాంకులూ అన్ని సందర్భాల్లో వాడవు, కానీ వాడినప్పుడు కార్డు మార్చినంత మాత్రాన పాత టీవీకి దారి మూసుకోదు.

ఇలాంటప్పుడు మొదట చూడాల్సింది బ్యాంకును కాదు, ఖాతాలోని ఆర్డర్ల జాబితాను. ఆ సినిమా అక్కడ ఉంటే కొనుగోలు మీ ఖాతా నుంచే జరిగింది. అంటే కార్డు నంబరు దొంగతనం కాదు, ఎక్కడో లాగిన్ తెరిచి ఉంది. అక్కడ లేకపోతే అప్పుడు బ్యాంకు సంగతి. ఆయన జాబితాలో రెండు సినిమాలూ ఉన్నాయి. పరికరాల పేజీలో పాత టీవీ పేరు కూడా ఉంది. దాన్ని అక్కణ్ణుంచే తొలగించారు. పాస్‌వర్డ్ ఒక్కటే మార్చి ఊరుకుంటే సరిపోదు. కొన్ని సేవల్లో పాస్‌వర్డ్ మారినా టీవీ లాగిన్‌లోనే ఉంటుంది, "అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్" అన్నది విడిగా నొక్కాలి.

టీవీని ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఇచ్చి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. రీసెట్‌తో లాగిన్ పోతుంది. కార్డు మాత్రం ఖాతాలో అలాగే ఉంటుంది. అది తీసేయాలంటే ఖాతా చెల్లింపుల పేజీకి వెళ్లాల్సిందే.

అపోహ: ప్రొఫైల్‌కి పిన్ పెట్టాం, పిల్లలు కొనలేరు.

ప్రొఫైల్ పిన్, పెద్దల సినిమాలకు పెట్టే పిన్, కొనుగోలు పిన్ ఒకటి కావు. మొదటి రెండూ పెట్టుకుని మూడోది వదిలేసిన ఇళ్లే నాకు ఎక్కువగా తగులుతుంటాయి. పైగా కొన్నిచోట్ల కొనుగోలు పాస్‌వర్డ్ సెట్టింగు ఏ పరికరంలో పెడితే ఆ పరికరానికే వర్తిస్తుంది. ఫోన్లో "ప్రతిసారీ అడుగు" అని పెట్టినా, హాల్లో టీవీ అడగకపోవచ్చు. టీవీలోనే సెట్టింగు తెరిచి చూడండి. ఒకసారి పాస్‌వర్డ్ కొట్టాక కొన్ని నిమిషాల పాటు మళ్లీ అడగకుండా ఉండే ఎంపిక కూడా కొన్నిటిలో ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో అది వద్దు. పిన్ పెట్టాక ఏదో ఒక సినిమా మీద "అద్దె" నొక్కి, పిన్ అడుగుతుందో లేదో చూసి వెనక్కి వచ్చేయండి.

అపోహ: ఒక్క సినిమాకి రెండుసార్లు డబ్బు కట్ అయింది.

చాలాసార్లు అవ్వదు. ముందు బ్యాంకు ఆ మొత్తాన్ని పక్కన పెడుతుంది, తర్వాత అసలు వసూలు జరుగుతుంది. మధ్యలో కొన్ని రోజులు రెండు వరుసలు కనిపించవచ్చు, ఒకదాని పక్కన "పెండింగ్" అని ఉంటుంది. అది తనంతట తానే పోతుంది. ఆర్డర్ల జాబితాలో నిజంగానే రెండు ఆర్డర్లుంటే, ఒకటి అద్దె, ఇంకోటి కొనుగోలు అయ్యుంటుందేమో చూడండి. రెండు బటన్లూ తెర మీద పక్కపక్కనే ఉంటాయి మరి.

అపోహ: అద్దె గడువు డబ్బు కట్టగానే మొదలవుతుంది.

పెద్ద సేవల్లో ఎక్కువగా కనిపించే లెక్క ఇది: చూడటం మొదలుపెట్టడానికి 30 రోజులు, మొదలుపెట్టాక పూర్తి చేయడానికి 48 గంటలు. సినిమాను బట్టి మారవచ్చు కాబట్టి కొనే తెర మీద చదవాలి. ప్లే నొక్కిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది, పాజ్ చేసినా ఆగదు. టీవీలో మొదలుపెట్టి ఫోన్లో కొనసాగించినా అదే గడువు.

పొరపాటున కొన్నారా? అయితే ప్లే నొక్కకండి. సినిమా మొదలుకాకపోతే డబ్బు వెనక్కి వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ముందు సేవ వాళ్ల రీఫండ్ పేజీకే వెళ్లండి. నేరుగా బ్యాంకులో "ఈ లావాదేవీ నాది కాదు" అని ఫిర్యాదు పెడితే కొన్ని సేవలు ఖాతానే నిలిపేస్తాయి, అప్పటిదాకా కొన్న సినిమాలు కూడా తెరుచుకోవు. ఒక అద్దె కోసం మొదలైన గొడవ అంతదాకా పోయిన కేసులు మా దగ్గరికి వస్తుంటాయి. ఆ ఖాతాను మళ్లీ తెరిపించడం రీఫండ్ ఇప్పించడం కన్నా చాలా కష్టం.